ఎంబీఏ అసైన్‌మెంట్: ట్రిపుల్ బాటమ్ లైన్‌లో మూడింటినీ కలిపి ఒక్క మార్కు వేయొచ్చా?

నల్లమల_నీడ
కర్నూల్లో ఎంబీఏ రెండో ఏడు. ట్రిపుల్ బాటమ్ లైన్, ఈఎస్‌జీ, సస్టైనబిలిటీ రిపోర్టింగ్ మీద నాలుగు పేజీల సారాంశం రాయాల. మన వైపు పరిశ్రమనే ఉదాహరణగా తీసుకోమన్నారు, సిమెంటు తీసుకున్నా. లాభం, జనం, పర్యావరణం అని మూడు వరసలు గీసి ఒక్కోదానికి పదికి మార్కులేసి కూడితే 21 వచ్చింది. సారు "ఈ 21 దేనికి కొలత?" అని అడిగి కాగితం వెనక్కిచ్చినాడు. కూడకపోతే రెండు కంపెనీలను పోల్చేదెట్ల? ఒక పెద్ద కంపెనీ రిపోర్టు తెరిస్తే వందల పేజీలుండాది. దాంట్లో ఏ పేజీ చూడాలో ఎవరైనా చెప్పండి.

కొండారెడ్డి_బురుజు
దీనికింత ఆలోచన ఎందుకు తమ్ముడూ. ట్రిపుల్ బాటమ్ లైన్ అంటే మన దేశంలో సీఎస్‌ఆరే. కంపెనీల చట్టం 2013, సెక్షన్ 135, లాభంలో రెండు శాతం. ఎంత ఖర్చు పెట్టినారో చూడు, ఎక్కువ పెట్టినోడు మంచోడు. పోలిక అయిపోయింది.

పెన్నేటి_ఒడ్డు
బురుజు అన్న సెక్షన్ నంబరు సరిగ్గానే చెప్పినాడు. గత మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతం అనేదీ నిజమే. కానీ అది లాభం వచ్చినాక అందులోంచి తీసి పెట్టే ఖర్చు. ట్రిపుల్ బాటమ్ లైన్ అడిగేది వేరు. ఆ లాభం సంపాదించేటప్పుడు కూలీకి ఏమైంది, నీళ్లకేమైంది, గాలికేమైంది అని.

ఒక్క తేడాతో తెలిసిపోతుంది. ఫ్యాక్టరీ తన చిమ్నీకి కొత్త బ్యాగ్ ఫిల్టర్ పెట్టుకుంటే అది సీఎస్‌ఆర్ కింద రాదు, సొంత వ్యాపారం మామూలుగా నడుపుకోడానికి చేసే పనులను నిబంధనలు మినహాయించినాయి. పక్క ఊరి బడికి గదులు కట్టిస్తే వస్తుంది. దుమ్ము తగ్గిందా లేదా అనేది మాత్రం గదుల లెక్కలో దొరకదు.

రాగిసంగటి
బడి గదులు కట్టి, వాటి మీద దుమ్ము పోసినా రెండు శాతం పూర్తయినట్టేనా?

పెన్నేటి_ఒడ్డు
రెండు శాతం లెక్క వరకు పూర్తయినట్టే. అందుకే అది సరిపోదంటున్నా.

నల్లమలా, నీ అసలు ప్రశ్నకొస్తా. ఈ ఆలోచనను 1994లో ముందుకు తెచ్చింది జాన్ ఎల్కింగ్టన్. 2018లో ఆయనే హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో రాస్తూ దీన్ని వెనక్కి తీసుకుంటున్నా అన్నాడు. పెట్టుబడిదారీ పద్ధతినే మళ్లీ ఆలోచించమని తాను అడిగితే, కంపెనీలు దాన్ని ఒక లెక్కల పట్టికగా మార్చి, ఒక వరసలో తగ్గింది ఇంకో వరసలో పూడ్చుకుంటున్నాయని ఆయన బాధ. నీ 21లో జరిగింది అదే. లాభానికి 9, జనానికి 8 వేసి పర్యావరణానికి 4 వేసినావనుకో. ఆ నాలుగు ఎందుకొచ్చిందో మొత్తంలో మునిగిపోయింది. రూపాయికీ, టన్ను కార్బన్ డయాక్సైడ్‌కూ, విరిగిన చేతికీ ఒకే కొలత లేదు. మూడింటినీ విడివిడిగానే ఉంచు, ఒక్కోదానిలో ఏడాదికేడాది పోలిక పెట్టు.

నల్లమల_నీడ
సరే, కూడను. మరి ఈఎస్‌జీ రేటింగ్ ఏజెన్సీలు ఒక్క నంబరే ఇస్తున్నాయి కదా? వాళ్లు కూడొచ్చు, నేను కూడకూడదా?

ఆడిట్_అక్క
వాళ్ల నంబరు జవాబిచ్చేది వేరే ప్రశ్నకు. పర్యావరణ, సామాజిక, పాలనా వ్యవహారాల వల్ల ఈ కంపెనీలో పెట్టిన పెట్టుబడికి ఎంత రిస్క్ ఉంది, దాన్ని కంపెనీ ఎట్ల సంభాళించుకుంటోంది, చాలావరకు ఇదే వాళ్లు చూసేది. అంశాలకు బరువులు వాళ్లే నిర్ణయిస్తారు, ఒక్కో ఏజెన్సీవి ఒక్కో రకం. అందుకే ఒకే కంపెనీకి రెండు ఏజెన్సీలు దూరదూరంగా మార్కులేస్తుంటాయి. మన దగ్గర 2023 నుంచి ఈ ఏజెన్సీలు సెబీ నియంత్రణ కిందికి వచ్చినాయి.

నాలుగు పేజీల్లో రేటింగుల జోలికి పోవద్దు. లిస్టెడ్ కంపెనీ అయితే వార్షిక నివేదికలో వ్యాపార బాధ్యత, సస్టైనబిలిటీ లెక్కలు చెప్పే బీఆర్‌ఎస్‌ఆర్ అనే భాగం ఉంటుంది. మార్కెట్ విలువలో మొదటి 1000 కంపెనీలకు 2022-23 నుంచి తప్పనిసరి. సెక్షన్ ఏ కంపెనీ వివరాలు, బీ విధానాలు, సీ తొమ్మిది సూత్రాల వారీగా లెక్కలు. నువ్వు నేరుగా సీకి పో. మూడో సూత్రంలో కార్మికుల భద్రత, ఆరో సూత్రంలో కరెంటు, నీళ్లు, ఉద్గారాలు. ఈ రెండు చోట్ల పట్టికలు చదివితే నీ అసైన్‌మెంట్‌కు కావలసినంత సరుకు దొరుకుతుంది. ఫోటోలున్న పేజీలు దాటేయ్.

వేరుశనక్కాయ
పట్టికల కన్నా ముందు ఆ నంబరు కింద భాగహారంలో ఏం పెట్టినారో చూడమని చెప్పు అక్కా. అనంతపురంలో మా క్లాసు పిల్లోళ్లకు ఇదే చోట కాలు జారుతుంది. "ఉద్గారాల తీవ్రత 8 శాతం తగ్గింది" అని రాసుకొస్తారు. దేని మీద తీవ్రత అంటే చెప్పలేరు.

ఎర్రగుంట్ల_కిల్న్
వేరుశనక్కాయ పట్టుకున్నదే అసలు సంగతి. సిమెంటు లెక్క ఒకటి వేసి చూపిస్తా. ఏ ఫ్యాక్టరీదీ కాదు, ఊహించి వేసిన అంకెలు. మన సైజు ప్లాంటుకు దగ్గరగా ఉంటాయి.

మొదటి ఏడు సున్నపురాయిని కాల్చి, సిమెంటుకు మూల సరుకైన క్లింకర్ 10 లక్షల టన్నులు చేసినారు. దానికి ఫ్లై యాష్, జిప్సం కలిపి 14 లక్షల టన్నుల సిమెంటు చేసినారు.

ముందు రాయిలోంచి వచ్చే గ్యాసు. సున్నపురాయిని కిల్న్‌లో కాలిస్తే రాయే కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. బొగ్గు బదులు ఏం కాల్చినా ఇది తగ్గదు. టన్ను క్లింకర్‌కు సుమారు 525 కిలోలు. అంటే 5.25 లక్షల టన్నులు.

తర్వాత బొగ్గు. టన్ను క్లింకర్‌కు ఇంచుమించు 7.5 లక్షల కిలో కేలరీల వేడి కావాల. బొగ్గుతో అయితే దాని నుంచి 300 కిలోల దాకా వస్తుంది. అంటే 3 లక్షల టన్నులు. ఈ రెండూ ఫ్యాక్టరీ ఆవరణలోనే పుడతాయి, కాబట్టి స్కోప్ 1. మొత్తం 8.25 లక్షలు.

ఇక కొన్న కరెంటు. టన్ను సిమెంటుకు 75 యూనిట్లు అనుకుంటే 14 లక్షల టన్నులకు 10.5 కోట్ల యూనిట్లు. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ ఇచ్చే గ్రిడ్ సగటు 2023-24కు యూనిట్‌కు 0.727 కిలోలు. గుణిస్తే 0.76 లక్షల టన్నులు. ఇది స్కోప్ 2.

రెండూ కలిపి 9.01 లక్షల టన్నులు. టన్ను సిమెంటు 5000 రూపాయల లెక్కన టర్నోవరు 700 కోట్లు.

రెండో ఏడు థర్మల్ కేంద్రం నుంచి బూడిద సరిగ్గా రాలేదనుకో. క్లింకర్ ఎక్కువ కలిపినారు. క్లింకర్ 10.6 లక్షలు, సిమెంటు 14.4 లక్షల టన్నులు. అదే పద్ధతిలో లెక్క వేస్తే 9.53 లక్షల టన్నులు వస్తుంది. గ్రిడ్ సగటు ఏడాదికేడాది మారుతుంది కానీ పోలిక తేటగా ఉండాలని రెండేళ్లకూ 0.727నే పెట్టినా. సిమెంటు ధర 5600కు పోయింది, టర్నోవరు 806 కోట్లయింది.

ఇప్పుడు భాగించు.

```
కోటి రూపాయల టర్నోవరుకు:
  మొదటి ఏడు  9,01,000 / 700 = 1287 టన్నులు
  రెండో ఏడు   9,53,000 / 806 = 1182 టన్నులు

టన్ను సిమెంటుకు:
  మొదటి ఏడు  9,01,000 / 14,00,000 = 644 కిలోలు
  రెండో ఏడు   9,53,000 / 14,40,000 = 662 కిలోలు
```

టర్నోవరుతో భాగిస్తే 8 శాతం మెరుగు. సిమెంటుతో భాగిస్తే దాదాపు 3 శాతం అధ్వానం. ఫ్యాక్టరీలో జరిగింది ఒక్కటే, క్లింకర్ వాటా 71 శాతం నుంచి 74కు పెరిగింది. ఆ 8 శాతం మెరుగు సిమెంటు ధర తెచ్చిపెట్టింది, కిల్న్ కాదు.

నల్లమల_నీడ
అన్నా, ఇది నేను చూసిన రిపోర్టులోనే ఉంది! టర్నోవరు మీద తీవ్రత పెద్ద అక్షరాల్లో వేసినారు. టన్ను మీది వెనక పట్టికలో ఉండాది.

ఎర్రగుంట్ల_కిల్న్
రెండూ ఇవ్వాలనే నిబంధన ఉంది కాబట్టి పట్టికలో ఉంటుంది. ముందు పేజీలో ఏది వేసుకోవాలనేది వాళ్ల ఇష్టం. నువ్వు పట్టికనే నమ్ము.

కొండారెడ్డి_బురుజు
సీఎస్‌ఆర్ విషయంలో పెన్నేటి చెప్పింది ఒప్పుకుంటున్నా. కానీ ఈ టన్ను లెక్క కూడా మోసం చేయొచ్చు కదా? క్లింకర్ బయట కొనుక్కొచ్చి నూరే యూనిట్లు ఉంటాయి. వాటికి కిల్నే లేదు. టన్నుకు వందలోపే వస్తుంది. పక్కన కిల్న్ ఉన్నోడికి 650. అప్పుడు నూరేవాడు పర్యావరణానికి దేవుడా?

ఎర్రగుంట్ల_కిల్న్
ఇది గట్టి ప్రశ్న అన్నా. కొన్న క్లింకర్‌తో వచ్చిన గ్యాసు స్కోప్ 3లోకి పోతుంది. బీఆర్‌ఎస్‌ఆర్‌లో స్కోప్ 3 ఇష్టమైతే ఇచ్చే లీడర్‌షిప్ సూచికల్లో ఉంది, తప్పనిసరి కాదు. అందుకే కిల్న్ ఉన్న ప్లాంటునూ, గ్రైండింగ్ యూనిట్‌నూ టన్ను మీద పోల్చకూడదు. ఒకే కంపెనీలో కూడా ఒక ఏడు క్లింకర్ కొనడం పెంచితే తీవ్రత దానంతటదే పడిపోతుంది. రిపోర్టులో ముడిసరుకుల ఖర్చు చూడు, కొన్న క్లింకర్ పెరిగిందేమో తెలుస్తుంది.

ఇంకొకటి. ఓపీసీ ఎక్కువ చేసేవాడికి క్లింకర్ 95 శాతం దాకా పోతుంది. పీపీసీలో ఫ్లై యాష్ 15 నుంచి 35 శాతం కలపొచ్చు, కాబట్టి క్లింకర్ చాలా తగ్గుతుంది. ఎవరు ఏ రకం ఎంత చేసినారో తెలియకుండా రెండు కంపెనీలను పక్కపక్కన పెట్టొద్దు.

ఆడిట్_అక్క
కిల్న్ గారి లెక్కలో నేను వెదికే తప్పు ఒకటుంది, ఆయన చేసినాడని కాదు, చాలామంది చేసేది. బొగ్గు బిల్లులో వేడి స్థూల విలువలో, అంటే నీటి ఆవిరితో పోయే వేడిని కూడా కలిపి ఉంటుంది. ఉద్గార గుణకం మాత్రం చాలాసార్లు నికర విలువ మీద ఇచ్చినది వాడతారు. రెండూ అట్లాగే గుణిస్తే బొగ్గు ఉద్గారం ఐదు శాతం చుట్టూ ఎక్కువ వస్తుంది. ఒక ఏడు అట్ల, ఇంకో ఏడు ఇట్ల చేస్తే లేని మెరుగుదల పుట్టుకొస్తుంది. నేను ముందు అడిగేది: ఈ గుణకం యాడ నుంచి తెచ్చినారు, పోయిన ఏడు కూడా ఇదేనా? మార్చి ఉంటే పాత ఏడును కూడా కొత్త గుణకంతో తిరిగి లెక్కేసి చూపాల.

పాలిష్_బండలు
మీరంతా సిమెంటు మీద పడినారు. మాది బేతంచెర్ల వైపు బండల పాలిష్ యూనిట్. మా దగ్గర సరుకు కొనే బెంగుళూరు కంపెనీ ఈఎస్‌జీ ఫారం అని 60 ప్రశ్నలు పంపింది. "మీ స్కోప్ 1, 2 చెప్పండి, మానవ హక్కుల విధానం జతచేయండి" అని. మేం లిస్టెడ్ కాదు కదా, మాకెందుకు ఇది? నింపకపోతే ఆర్డరు పోతుందంటున్నారు.

ఆడిట్_అక్క
మీకు నేరుగా చట్టం లేదు. మీ కొనుగోలుదారు పెద్ద లిస్టెడ్ కంపెనీ అయితే తన సరఫరాదారుల వివరాలు కూడా సేకరించుకునే దారి సెబీ 2023లో పెట్టింది. తర్వాత దాన్ని సడలించి, వాయిదా వేసి, స్వచ్ఛందం చేసినారు. అది కూడా ఆ కంపెనీ కొనుగోళ్లలో ఒక్కరే 2 శాతం, అంతకు మించి ఉన్న సరఫరాదారులకే. బండల యూనిట్ అంత వాటాలో ఉండడం అరుదు. అంటే వాళ్లు అడుగుతున్నది తమ సొంత పద్ధతి కోసం. ఫారం నింపాలా వద్దా అనేది వ్యాపార నిర్ణయం.

ఎర్రగుంట్ల_కిల్న్
నింపదలుచుకుంటే స్కోప్ 1, 2 పెద్ద పనేం కాదు. జనరేటర్‌కూ, లోడరుకూ పోసే డీజిల్ స్కోప్ 1. లీటరుకు 2.68 కిలోలు వేసుకోండి. కరెంటు బిల్లు స్కోప్ 2. నెలకు 12,000 యూనిట్లు, 400 లీటర్ల డీజిల్ అనుకుంటే కరెంటు 8.7 టన్నులు, డీజిల్ 1.1 టన్నులు. పన్నెండు నెలల బిల్లులు, బంకు రసీదులు ఒక ఫైలులో పెట్టుకోండి. రేపు ఎవరైనా అడిగితే అంకె కన్నా ఆ ఫైలే మిమ్మల్ని కాపాడుతుంది.

కొండారెడ్డి_బురుజు
మన గని, శకునాల దగ్గర 1000 మెగావాట్ల సోలార్ పార్కు ఉంది కదా. ఆ కరెంటే మన లైన్లలోకి వస్తుంది. పాలిష్ అన్న స్కోప్ 2 సున్నా అని రాసుకోవచ్చు కదా?

ఎర్రగుంట్ల_కిల్న్
రాసుకోకూడదు అన్నా. పార్కు పక్కనే ఉన్నా ఆ కరెంటు గ్రిడ్‌లో కలిసి, కొనుక్కున్న డిస్కంల లెక్కలోకి పోతుంది. ఆ పార్కు వల్ల దేశమంతటి సగటు కొంచెం తగ్గింది, ఆ తగ్గుదల 0.727లోనే ఉంది. పాలిష్ అన్న మళ్లీ సున్నా అని రాస్తే ఒకే సోలార్ యూనిట్‌ను ఇద్దరు లెక్కేసినట్టు. తన షెడ్డు మీద ప్యానెళ్లు పెట్టుకుని తనే వాడుకుంటే, లేదా ఓపెన్ యాక్సెస్‌లో ఒప్పందం చేసుకుని కొంటే ఆ యూనిట్ల వరకు మాత్రం తీసేసుకోవచ్చు. ఆ యూనిట్ల తాలూకు సర్టిఫికెట్లు వేరేవాళ్లకు అమ్మేసి ఉండకూడదు.

పాలిష్_బండలు
ఇది అర్థమైంది. మానవ హక్కుల విధానం అంటే ఏం రాయాల? నెట్‌లో దొరికిన నమూనా మీద సంతకం పెట్టి పంపమని మా అకౌంటెంట్ అంటున్నాడు.

ఆడిట్_అక్క
వద్దు. లేని కమిటీ ఉందని సంతకం పెడితే రేపు అది మీ మెడకే చుట్టుకుంటుంది. మీ దగ్గర నిజంగా ఉన్నది రాయండి. వయసు చూసే పనిలో పెట్టుకుంటామా, ఆధార్ నకలు తీసుకుంటామా, కనీస వేతనం బ్యాంకులో వేస్తామా, రాతి దుమ్ముకు మాస్కు ఇస్తామా, తడి కోతేనా. లేనిదానికి "లేదు" అని రాయండి. అర పేజీ నిజం చాలు.

వేరుశనక్కాయ
ఫారంలో నీళ్ల ప్రశ్న కూడా ఉంటుంది చూడండి పాలిష్ గారూ. అక్కడ చాలామంది "స్లర్రీ నీళ్లు తేర్చి మళ్లీ వాడతాం, బయటికి చుక్క వదలం, కాబట్టి వాడకం సున్నా" అని రాస్తారు. అది తలకిందుల లెక్క. వినియోగం అంటే తోడినదాంట్లోంచి బయటికి వదిలింది తీసేయగా మిగిలింది. బయటికి ఏమీ వదలకపోతే తోడినదంతా వినియోగమే. బోరు నుంచి రోజుకు 6 వేల లీటర్లు కొత్తగా తోడుతుంటే ఆ 6 వేలూ వినియోగం కిందికే వస్తాయి, ఆవిరిగా, తడి స్లర్రీతో పోయినాయన్నమాట. తిరగేసి వాడే నీళ్లు వేరే వరసలో చూపించుకోవచ్చు. బోరుకు మీటరు లేకపోతే పంపు నడిచిన గంటలతో అంచనా వేసినామని స్పష్టంగా రాయండి.

రాగిసంగటి
అనంతపురమోళ్లకు నీళ్ల లెక్క ఎవరూ నేర్పనక్కర్లేదు 😀

నల్లమల_నీడ
పర్యావరణం వరస అర్థమైంది. "జనం" వరసలో ఏం పెట్టాల? రిపోర్టులో మహిళల శాతం, శిక్షణ గంటలు, ఇట్ల ఇరవై ఉన్నాయి. ఒక్కటే ఎంచుకోవాలంటే?

ఆడిట్_అక్క
సిమెంటు కాబట్టి ప్రమాదాల రేటు. పనికి రాలేనంత దెబ్బ తగిలిన ఘటనలను పది లక్షల పని గంటలకు లెక్కేస్తారు. ఉదాహరణకు సొంత కార్మికులు 300 మంది, కాంట్రాక్టు 700 మంది, ఒక్కొక్కరు ఏడాదికి 2400 గంటలు. సొంతవాళ్లవి 7.2 లక్షల గంటలు, కాంట్రాక్టువి 16.8 లక్షలు. ఏడాదిలో మూడు ప్రమాదాలు, మూడూ కాంట్రాక్టు వాళ్లకే.

సొంతవాళ్లనే లెక్కేస్తే రేటు సున్నా. అందరినీ కలిపితే 24 లక్షల గంటలకు మూడు, అంటే 1.25. కాంట్రాక్టు వాళ్లనే విడిగా తీస్తే 1.79. బీఆర్‌ఎస్‌ఆర్ పట్టికలో కాంట్రాక్టు వాళ్లను కలపాల్సిందే. అయినా ముందు పేజీలో "సున్నా ప్రమాదాలు" అని కనబడితే, కింద చిన్న అక్షరాల్లో ఎవరిని లెక్కేసినారో చదువు.

రెండో సంగతి, అమెరికా పద్ధతిలో పది లక్షలకు బదులు రెండు లక్షల గంటలకు లెక్కేస్తారు. అదే మూడు ప్రమాదాలు 1.25 బదులు 0.25 అవుతాయి. రెండు కంపెనీలను పోల్చే ముందు కింద ఏ గంటలు పెట్టినారో చూడకపోతే ఐదు రెట్ల తప్పు చేస్తావు.

ఎర్రగుంట్ల_కిల్న్
కాంట్రాక్టు గంటలు ఎక్కడి నుంచి తెచ్చినారనేది కూడా అడగాలక్కా. గేటు పంచింగ్, కాంట్రాక్టరు మస్టరు, పీఎఫ్ చలానా, మూడింట్లో మూడు అంకెలుంటాయి. షట్‌డౌన్ నెలలో కిల్న్ లోపల ఇటుకలు మార్చడానికి వందల మంది వస్తారు. ప్రమాదాలు జరిగే అవకాశం ఎక్కువ ఉండేది ఆ రోజుల్లోనే. వాళ్ల గంటలూ, దెబ్బలూ రెండూ జారిపోయేది కూడా ఆ రోజుల్లోనే.

ఆడిట్_అక్క
అవును. దానికి నేను చేసే సరిచూపు ఒకటుంది. 48 గంటలు, అంతకు మించి పనికి రాలేనంత దెబ్బ తగిలితే అధికారులకు తెలపాలి. రిపోర్టులో లెక్కేసేది మరుసటి షిఫ్టుకు రాలేని దెబ్బలన్నింటినీ. అంటే రిపోర్టు అంకె ఎప్పుడూ అధికారులకు పంపినదానికన్నా ఎక్కువో సమానమో ఉండాల. తక్కువుంటే ఏదో వదిలేసినట్టే. ఇది కంపెనీ లోపల కాగితాలు చూసేవాళ్లకే వీలవుతుంది, విద్యార్థికి కాదు. కానీ పద్ధతి తెలిసుండడం మంచిది.

నల్లమల_నీడ
ఈ లెక్కలు బయటివాళ్లెవరైనా తనిఖీ చేస్తారా? లేక కంపెనీ చెప్పిందే వేదమా?

ఆడిట్_అక్క
బీఆర్‌ఎస్‌ఆర్ కోర్ అని తొమ్మిది అంశాల చిన్న జాబితా 2023 జులైలో వచ్చింది. ఉద్గారాలు, నీళ్లు, శక్తి, వ్యర్థాలు, ఉద్యోగుల క్షేమం, ఇట్లాంటివి. వాటికి బయటి తనిఖీ దశలవారీగా పెట్టినారు. 2023-24లో మొదటి 150 కంపెనీలు, తర్వాత 250, 500, 2026-27కు 1000. కోర్ బయట ఉన్న అంకెలకు ఈ తనిఖీ తప్పనిసరి కాదు. నివేదిక చివర తనిఖీ పత్రం ఉంటుంది, ఏ అంకెల వరకు చూసినారో అందులో రాస్తారు. స్కోప్ 3 అంకె పక్కన ఆ పత్రం ముద్ర ఉందనుకోవద్దు.

వేరుశనక్కాయ
ఇంతవరకు అందరూ చెప్పింది ఫ్యాక్టరీ గోడ లోపలి లెక్క. నాకు ఒకటే గుచ్చుకుంటుంది. గోడ బయట శనగ చేను మీద దుమ్ము పడి కాపు తగ్గితే అది ఈఎస్‌జీలో ఏ వరసలో కనిపిస్తుంది? రైతు కోర్టుకు పోతేనో, కాలుష్య బోర్డు నోటీసు ఇస్తేనో కంపెనీకి రిస్క్. రైతు ఊరుకుంటే కంపెనీ లాభానికేం కాదు, రేటింగూ తగ్గదు. ట్రిపుల్ బాటమ్ లైన్‌లో మాత్రం రైతు నోరెత్తినా ఎత్తకపోయినా అది నష్టమే. ఈ రెండింటి తేడా నల్లమల పేపర్లో రావాలి. సారాంశాల్లో రెండూ ఒకటే అని రాసేస్తారు, అది తప్పు.

పెన్నేటి_ఒడ్డు
ఒప్పుకుంటా. పద్ధతులు కూడా ఈ గీత దగ్గరే చీలిపోయినాయి. జీఆర్ఐ ప్రమాణాలు కంపెనీ బయటి ప్రపంచానికి ఏం చేసిందని అడుగుతాయి. 2023లో వచ్చిన ఐఎస్‌ఎస్‌బీ ప్రమాణాలు బయటి ప్రపంచం వల్ల కంపెనీ డబ్బుకు ఏమవుతుందని అడుగుతాయి. యూరప్ వాళ్లు రెండూ చెప్పమన్నారు. మన బీఆర్‌ఎస్‌ఆర్ కూడా రెండూ అడుగుతుందనే నేననుకుంటా.

ఆడిట్_అక్క
నేను అంత దూరం పోను. సెక్షన్ ఏలో ముఖ్యమైన అంశాలు రాయమన్న చోట అడిగేది రిస్కా, అవకాశమా, ఆర్థికంగా ఎట్లుంటుంది అనే. చేను దుమ్ము అక్కడ రాదు.

పెన్నేటి_ఒడ్డు
సెక్షన్ సీలో స్థానిక జనం ఫిర్యాదులు ఎట్ల తీసుకుంటారో చెప్పమని ఎనిమిదో సూత్రం అడుగుతుంది కదా. దుమ్ము అక్కడ వస్తుంది.

ఆడిట్_అక్క
ఫిర్యాదు చేస్తే వస్తుంది. వేరుశనక్కాయ అడిగింది చేయని రైతు గురించి. అడిగితేనే బయటపడే నష్టాన్ని "రెండూ అడుగుతుంది" అని నేను లెక్కేయను.

పెన్నేటి_ఒడ్డు
గాలి నాణ్యత అంకెలున్నాయి, చిమ్నీ దుమ్ము ఎంతో ఇవ్వాల. ఫిర్యాదు లేకున్నా అది కనిపిస్తుంది.

వేరుశనక్కాయ
చిమ్నీ దుమ్ము కనిపిస్తుంది. క్వారీ రోడ్డు మీద టిప్పర్లు లేపే దుమ్ము చిమ్నీలోంచి రాదు సార్. మన వైపు చేన్ల మీద ఎక్కువ పడేది అదే.

కొండారెడ్డి_బురుజు
ఇది నిజం. టిప్పరు ఓనరు కాంట్రాక్టరు, రోడ్డు పంచాయతీది. ఎవరి రిపోర్టులో రాస్తారు దాన్ని?

నల్లమల_నీడ
ఇట్ల రాయబోతున్నా, తప్పుంటే ఆపండి. మొదటి పేజీ, ఎల్కింగ్టన్ ఆలోచన, దాన్ని ఆయనే ఎందుకు వెనక్కి తీసుకున్నాడు. రెండో పేజీ, కిల్న్ అన్న వేసిన రెండేళ్ల పట్టిక, రెండు భాగహారాలు. మూడో పేజీ, ప్రమాదాల రేటు సొంత, కాంట్రాక్టు, కలిపి. నాలుగో పేజీ, క్వారీ రోడ్డు దుమ్ము ఏ రిపోర్టులో కనిపిస్తుందనే ప్రశ్న. మార్కులు కూడడం లేదు.

పాలిష్_బండలు
నాలుగో పేజీలో మా స్లర్రీ ఎండి గాలికి లేచేది కూడా ఒక మాట రాయి తమ్ముడూ. మేం రాయించుకోకపోతే ఎవరూ రాయరు.

ఎర్రగుంట్ల_కిల్న్
రెండో పేజీలో పట్టిక కింద గుణకాలు యాడివో రాయి: క్లింకర్‌కు 525, బొగ్గుకు 300, గ్రిడ్‌కు 0.727, రెండేళ్లకూ ఒకటే వాడినానని. ఊహించిన ప్లాంటు అని కూడా. సారు మళ్లీ "ఇది దేనికి కొలత?" అంటే ఆ లైను చూపించొచ్చు. ఇంకా, పట్టికలో క్లింకర్ వాటా వరస ఒకటి చేర్చు, 71.4, 73.6 అని. అది లేకపోతే 644 నుంచి 662కు ఎందుకు పెరిగిందో చదివేవాళ్లకు తెలియదు.

నల్లమల_నీడ
చేర్చినా అన్నా. టిప్పర్ల దుమ్ము ఒక రోజులో ఎంత లేస్తుందో అంచనా వేసే పద్ధతి ఏదైనా ఉందా?

ఎర్రగుంట్ల_కిల్న్
ఉంది. రోడ్డు మీది సన్న మట్టి శాతం, టిప్పరు బరువు, రోజుకు ఎన్ని ట్రిప్పులు, ఎన్ని కిలోమీటర్లు, ఈ నాలుగూ కావాల. ముందు ట్రిప్పులు లెక్కపెట్టుకుని రా, మిగతావి ఇక్కడే చూద్దాం.